ఇరవై బస్తాలు, ఐదు వందల కిలోలు

పెయింట్లు తయారుచేసే ఒక మోస్తరు ఫ్యాక్టరీని ఊహించుకుందాం. తెల్లరంగుకు ఆధారమైన టైటానియం డయాక్సైడ్ పొడి లారీలో వచ్చింది. బస్తాకు 25 కిలోల చొప్పున మొత్తం 20 బస్తాలు. చలాన్ మీద పెద్ద అక్షరాల్లో 20 అనీ, దాని కింద చిన్నగా 500 కిలోలు అనీ ఉంది. స్టోర్స్ గుమాస్తా బస్తాలు లెక్కపెట్టాడు, సరిపోయాయి. నెల కిందటే కంపెనీలో కొత్త ఈఆర్‌పీ మొదలైంది. దాంట్లో సరుకు రాబడి తెర తెరిచి, పరిమాణం గడిలో 20 కొట్టి, పోస్ట్ బటన్ నొక్కాడు. రసీదు నంబరు వచ్చింది. పని అయిపోయిందనుకుని తరువాతి లారీ దగ్గరికి వెళ్లాడు.

ఆ గడి అడిగింది బస్తాలు కాదు, కిలోలు. అయినా కంప్యూటర్ అడ్డు చెప్పలేదు. ఎందుకంటే పర్చేజ్ ఆర్డర్ 2,000 కిలోలకు ఉంది. ఆర్డర్‌కు మించి ఎక్కువ కొడితే ఆపుతుంది గాని, తక్కువ కొడితే సరుకు విడతలుగా వస్తోందని అనుకుంటుంది. అది న్యాయమైన అనుకోలే, రోజూ అలాగే జరుగుతుంది. కిలో 240 రూపాయలు అనుకుంటే గోదాములో 1,20,000 రూపాయల సరుకు ఉంది, కంప్యూటర్ లెక్కలో 4,800 రూపాయల సరుకే ఉంది.

ఈ చిన్న పొరపాటు వెంట కొంచెం దూరం నడుద్దాం. ఈఆర్‌పీ వాడే ఉద్యోగులకు శిక్షణ ఎలా ఉండాలన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకంటే స్పష్టమైన జవాబు లేదు.

ఈఆర్‌పీ అంటే కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకాలు, అకౌంట్లు అన్నీ ఒకే లెక్కల పుస్తకంలో రాసుకునే ఏర్పాటు. ఆ పేరు వాడుకలోకి వచ్చింది 1990లో, గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ ద్వారా. ఏర్పాటు అంతకంటే పాతది. ఈ రంగంలో పెద్ద పేరైన శాప్ కంపెనీని జర్మనీలో 1972లోనే ఐదుగురు మాజీ ఐబీఎం ఇంజనీర్లు మొదలుపెట్టారు. వేర్వేరు రిజిస్టర్లు ఉన్న రోజుల్లో ఒకరి తప్పు ఒకరి రిజిస్టర్‌లోనే ఉండేది, నెలాఖరుకు ఎవరో పట్టుకునేవారు. ఒకే పుస్తకం అయ్యాక ఒక గుమాస్తా కొట్టిన అంకె మీద మరుక్షణమే ముగ్గురు పనిచేయడం మొదలుపెడతారు.

మన కథలో ఆ ముగ్గురిలో మొదటివాడు ఉత్పత్తి విభాగం సూపర్‌వైజర్. అతనికి మధ్యాహ్నం బ్యాచ్‌కు 300 కిలోల పొడి కావాలి. ఇష్యూ చేయబోతే సిస్టం 280 కిలోలు తక్కువగా ఉన్నాయంటుంది. కళ్లెదుట బస్తాలు కనిపిస్తున్నాయి. మిక్సర్ ఆగితే షిఫ్టు పోతుంది. అందుకని 12 బస్తాలు తీసుకెళ్లి, సిస్టం ఒప్పుకున్నంతమేరకు 20 కిలోలు ఇష్యూ కొట్టి, మిగతా 280 నోటుబుక్కులో రాసుకున్నాడు. రెండోవాడు అకౌంట్స్ గుమాస్తా. సప్లయర్ 500 కిలోలకు ఇన్‌వాయిస్ పంపాడు, తెర మీద వచ్చిన సరుకు 20 కిలోలే. ఇన్‌వాయిస్‌లో ఉన్నట్టే 500 కొట్టాడు. సిస్టం దాన్ని తీసుకుంది గాని పరిమాణం తేడా ఉందని చెల్లింపును ఆపేసింది. మూడో మనిషి పర్చేజ్ ఆఫీసర్. ఆవిడ తెర మీద ఈ ఆర్డర్‌లో ఇంకా 1,980 కిలోలు రావాలని ఉంది. సప్లయర్‌కు ఫోన్ చేసి మిగతాది ఎప్పుడని నిలదీసింది. అవతలివాడు నా డబ్బులెప్పుడని అడిగాడు.

ఆ గుమాస్తాకు శిక్షణ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. ప్రొజెక్టర్ పెట్టి, వంద స్లైడ్లు చూపించి, స్టోర్స్, పర్చేజ్, అకౌంట్స్ వాళ్లందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకున్నారు. అతను చూసిన డెమోలో పర్చేజ్ ఆర్డర్ 10 యూనిట్లకు, వచ్చినవి 10 యూనిట్లు. బస్తా, కిలో అనే రెండు కొలతలు ఆ హాల్లోకి రానే లేదు. పైగా ఇరవై ఏళ్లుగా అతను రాసిన రిజిస్టర్‌లో మొదటి గడి బస్తాల సంఖ్య. చేతికి అలవాటైన వరుసలోనే కొత్త తెర మీదా కొట్టాడు.

పాత్రను బట్టి శిక్షణ అనే పద్ధతి సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. ముందుగా పెట్టుకోవలసినవి తెరల జాబితా కాదు, మనుషుల పనుల జాబితా. హోదా పేర్లు దీనికి పనికిరావు. స్టోర్స్ అసిస్టెంట్ అన్న ఒకే హోదాలో ఒకతను గేటు దగ్గర లారీలు చూస్తాడు, ఇంకొకతను ఉత్పత్తికి సరుకు ఇస్తాడు. ఇద్దరికీ కావలసిన తెరలు వేరు, చేయగల తప్పులు వేరు. కాబట్టి శిక్షణ రాసేవాడు ముందు రెండు మూడు రోజులు స్టోర్స్‌లో కూర్చోవాలి. ఎవరు ఏ కాగితం అందుకుంటారు, దాని మీద ఏం చూస్తారు, ఏ రిజిస్టర్‌లో ఏ గడి నింపుతారు, ఆ కాగితం తరువాత ఎవరి చేతికి పోతుంది, ఇవి రాసుకోవాలి. ఈ నాలుగింటికీ జవాబు ఒకటే అయిన మనుషులంతా ఒక పాత్ర.

అలా రాస్తే మన ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సరుకు అందుకునేవారు, సరుకు ఇచ్చేవారు, స్టోర్స్ ఇన్‌చార్జి అని మూడు పాత్రలు తేలతాయి. ఆ తరువాత ఒక పట్టిక వేస్తారు. నిలువు వరుసలో పాత్రలు, అడ్డంగా లావాదేవీలు. శాప్‌లో అయితే సరుకు అందుకునేవారి ఎదురుగా MIGO తెర ఉంటుంది, దాంట్లో కూడా రాబడి, రద్దు, సప్లయర్‌కు వాపసు అనే మూడు పనులే. దానితోపాటు స్టాకు చూసుకునే MMBE. అంతే. అమీర్‌పేటలో నెలల తరబడి శాప్ నేర్పే కోర్సులున్నాయి. అవి సిస్టంను అమర్చే కన్సల్టెంట్లను తయారుచేయడానికి. వాటి సిలబస్‌నే కుదించి గుమాస్తాకు చెబితే అతనికి అక్కర్లేని తొంభై విషయాలు వస్తాయి, కావలసిన రద్దు పద్ధతి రాదు.

ఈ పట్టికకు ఇంకో ఉపయోగం ఉంది. ఉద్యోగి లాగిన్‌కు ఇచ్చే అనుమతులు కూడా ఇదే పట్టిక ప్రకారం ఉండాలి. చాలాచోట్ల శిక్షణ పట్టికను ఒకరు, అనుమతుల పట్టికను మరొకరు విడివిడిగా తయారుచేస్తారు. శిక్షణలో నేర్చుకున్న రద్దు పని అసలు సిస్టంలో చేయబోతే అనుమతి లేదని వస్తుంది. శాప్‌లో అయితే అప్పుడు SU53 అని కొడితే ఏ అనుమతి లోపించిందో చూపిస్తుంది. సిస్టం మొదలైన మొదటి వారం ఆ తెర ఫోటోలు ఐటీ వాళ్ల వాట్సాప్ నిండా ఉంటే, రెండు పట్టికలూ కలవలేదని అర్థం. రెండూ కలిసిన చోట ఒక నియమం పెట్టుకోవచ్చు. ఆ పాత్ర శిక్షణ పూర్తిచేసి, అభ్యాసం తానే చేసి చూపించేదాకా అసలు సిస్టం లాగిన్ తెరుచుకోదు. ఇది కఠినంగా కనిపిస్తుంది గాని, ఇది లేకపోతే పనులు తెమలలేదని శిక్షణ ఎగ్గొట్టేవాళ్లు ముందు మేనేజర్లే.

ఉత్తుత్తి ఫ్యాక్టరీ

పాత్ర తేలాక చేతికి పని ఇవ్వాలి. అందుకే అభ్యాసం కోసం అసలు సిస్టం పోలికలోనే ఇంకో సిస్టం పెడతారు. దాన్ని శాండ్‌బాక్స్ అంటారు. దీంట్లో ఏం కొట్టినా అసలు స్టాకు కదలదు, డబ్బు కదలదు. వినడానికి తేలికే గాని, ఎక్కువ శిక్షణలు ఇక్కడే పాడవుతాయి.

ఒక కారణం, ఒకే శాండ్‌బాక్స్‌ను ఇద్దరు వాడటం. సిస్టం అమర్చే కన్సల్టెంట్లకు కూడా ప్రయోగాలు చేసుకునే చోటు కావాలి, దాన్నీ శాండ్‌బాక్స్ అనే పిలుస్తారు. శిక్షణ కూడా అక్కడే నడిపితే, నిన్న పనిచేసిన పాఠం ఇవాళ పనిచేయదు, ఎందుకంటే రాత్రి ఎవరో అమరిక మార్చారు. గుమాస్తా మాత్రం తనకే చేతకాలేదనుకుంటాడు. శిక్షణకు విడిగా, అమరికలు ఎవరూ మార్చడానికి వీల్లేకుండా మూసిన చోటు ఉండాలి. శాప్‌లో SCC4 తెర మీద ఒక క్లయింటును శిక్షణ కోసమే అని గుర్తించే వీలు, దాంట్లో మార్పులు ఆపే వీలు ఉన్నాయి.

డేటా సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. పర్చేజ్ ఆర్డర్ ఒకసారి వాడితే అయిపోయే వస్తువు. దాని మీద సరుకు మొత్తం అందుకున్నాక ఇంకొకరు దాంతో అభ్యాసం చేయలేరు. ఎనిమిది మంది సరుకు అందుకునేవారు, ఒక్కొక్కరికి ఆరు అభ్యాసాలు, ప్రతిదానికి రెండు ప్రయత్నాలు అనుకుంటే 96 ఆర్డర్లు ముందే తయారుచేసి ఉంచాలి. శిక్షకుడు చూపించడానికి ఇంకో ఆరు. ప్రతి ఒక్కరికీ తన పేరున ఆర్డర్ నంబర్ల కాగితం ఇవ్వాలి. ఈ తయారీ లేనిచోట మొదటి వరుసలో కూర్చున్నవాడు ఆర్డర్ వాడేస్తాడు, మిగిలినవాళ్లు అతని భుజం మీదుగా చూస్తారు. దాంతో శిక్షణ మళ్లీ ప్రొజెక్టర్ కాలానికి వెళ్లిపోతుంది.

ఆర్డర్లు కూడా తమ ఫ్యాక్టరీవే అయి ఉండాలి. నమూనా వస్తువు ఏ, నమూనా వస్తువు బి అని ఉంటే బస్తా-కిలో చిక్కు ఎప్పటికీ ఎదురుకాదు. టైటానియం డయాక్సైడ్ 2,000 కిలోల ఆర్డర్ పెట్టి, 20 బస్తాల చలాన్‌ను నిజంగా కాగితం మీద అచ్చువేసి చేతికిస్తే, హాల్లో సగం మంది 20 కొడతారు. అక్కడ కొట్టనివ్వాలి. అప్పుడు ఎదురుగా కూర్చున్న ఉత్పత్తి మనిషి తెర మీద 280 తక్కువని వస్తుంది, వాళ్లే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. యూనిట్ గడి చూడండి అని పదిసార్లు చెప్పినదానికంటే అది లోతుగా దిగుతుంది.

అసలు సిస్టం నకలు తీసి శాండ్‌బాక్స్ చేస్తారు కాబట్టి నిజమైన సప్లయర్ల ఈమెయిళ్లు, బ్యాంకు ఖాతాలు, ఉద్యోగుల జీతాలు కూడా వచ్చేస్తాయి. అవి మార్చాలి లేదా తుడిచేయాలి. బయటికి పోయే మెయిళ్లు, ప్రింటర్లు, బ్యాంకుకూ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కూ ఉన్న దారులు మూసేయాలి. లేకపోతే అభ్యాసంలో కొట్టిన ఆర్డర్ సప్లయర్‌కు నిజం మెయిల్‌గా పోయి, అతను సరుకు పంపిస్తాడు. రెండు సిస్టంల తెర రంగు వేరుగా పెట్టడం కూడా తప్పనిసరి. ఏది అసలు, ఏది అభ్యాసం అని అయోమయపడి అసలు దాంట్లో ఉత్తుత్తి రాబడులు కొట్టేసే ప్రమాదాన్ని ఆ ఒక్క రంగు చాలావరకు తప్పిస్తుంది.

ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను, అది ఎందరో శిక్షకుల పరువు తీసింది. శాప్‌లో స్టాకు లెక్కలు నెలవారీగా తెరుచుకుని మూసుకుంటాయి. అసలు సిస్టంలో ప్రతి నెల మొదట్లో ఎవరో MMPV నడిపి కొత్త నెల తెరుస్తారు. శాండ్‌బాక్స్‌లో ఆ పని ఎవరికీ గుర్తుండదు. ఒకటో తారీఖున ఇరవై మంది కూర్చుని మొదటి రాబడి కొడితే, పాత నెలల్లోనే పోస్ట్ చేయవచ్చన్న ఎర్ర సందేశం అందరికీ ఒకేసారి వస్తుంది. శిక్షణ రోజుకు ముందు సాయంత్రం, ట్రైనీ లాగిన్‌తోనే, ప్రతి అభ్యాసం మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చేసి చూడటమే దీనికి మందు. ట్రైనీ లాగిన్‌తో అన్నది ముఖ్యం. శిక్షకుడి లాగిన్‌కు అన్ని అనుమతులూ ఉంటాయి, దాంట్లో అన్నీ పనిచేస్తాయి.

పక్క బల్ల మనిషి

శిక్షణ ఎంత బాగా జరిగినా రాత్రి పదింటికి లారీ వచ్చినప్పుడు గుమాస్తా ఒక్కడే ఉంటాడు. కన్సల్టెంట్ ఇంట్లో ఉంటాడు, హెల్ప్‌డెస్క్ టికెట్ తీసుకుని రేపు చూస్తామంటుంది. ఆ వేళ అడగదగిన మనిషి కావాలి. ప్రతి విభాగంలోనూ తన పని తెలిసి, సిస్టం మిగతావారికంటే లోతుగా నేర్చుకున్న సహోద్యోగినే సూపర్ యూజర్ అంటారు.

ఎంతమంది ఉండాలన్నదానికి పది పదిహేను మందికి ఒకరు అని ఒక మోటు లెక్క చెబుతుంటారు. నా మట్టుకు తలల లెక్క కంటే షిఫ్టుల లెక్క ముఖ్యం. స్టోర్స్‌లో పదకొండు మందే ఉన్నా మూడు షిఫ్టులు నడిస్తే షిఫ్టుకొకరు చొప్పున ముగ్గురు కావాలి. అకౌంట్స్‌లో పాతికమంది ఉన్నా అందరూ పగలే పనిచేస్తారు గనుక ఇద్దరు సరిపోవచ్చు.

ఎంపికలో జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే, ఖాళీగా ఉన్నవారిని ఇవ్వడం. విభాగాధిపతికి తన మంచి మనిషిని వదులుకోవడం కష్టం, అందుకని కొత్తగా చేరిన కుర్రాడిని పంపిస్తాడు, కంప్యూటర్ బాగా వచ్చని. అతనికి తెర వస్తుంది గాని సరుకు తెలియదు. బస్తా తడిసి వస్తే ఏం చేయాలి, చలాన్ మీద ఒక అంకె, తూకం చీటీ మీద ఇంకో అంకె ఉంటే దేన్ని నమ్మాలి అని అడిగితే అతనే ఇంకొకరిని అడగాలి. జనం ఇప్పటికే ఎవరి దగ్గరికి వెళ్లి అడుగుతున్నారో వాళ్లనే తీసుకోవాలి. టైపింగ్ నెమ్మదిగా వచ్చినా పరవాలేదు.

ఆ మనిషికి సమయం ఇవ్వాలి, ఇదే అసలు ఖర్చు. సిస్టం మొదలయ్యే ముందు రెండు మూడు నెలలు సగం పని తీసేయాలి. ఆ కాలంలో అతను కన్సల్టెంట్లతో కలిసి సిస్టంను పరీక్షిస్తాడు, పరీక్షల్లో వచ్చిన చిక్కులను అభ్యాసాలుగా రాస్తాడు, చివరికి తన విభాగానికి తానే పాఠం చెబుతాడు. తెర ఇంగ్లిష్‌లో ఉన్నా పాఠం తెలుగులో, తమ స్టోర్స్ మాటల్లో నడుస్తుంది. కన్సల్టెంట్ వెనక కూర్చుని, అడిగితేనే నోరు విప్పుతాడు. గుమాస్తా బల్ల మీద అతికించే ఒక పేజీ కాగితాన్ని కూడా సూపర్ యూజరే రాయాలి. దాంట్లో పరిమాణం గడి బొమ్మ, దాని పక్కనున్న KG అక్షరాల చుట్టూ ఎర్ర గుండ్రం, చలాన్‌లో ఏ అంకె చూడాలో ఒక గీత. రెండు వందల పేజీల మాన్యువల్‌ను లారీ ఎదుట ఎవరూ తెరవరు.

మొదటి వారాల్లో సూపర్ యూజర్ చేయకూడని పని కూడా ఒకటి ఉంది. గుమాస్తా వచ్చి అడుగుతాడు. "అన్నా, ఐదొందల కిలోలు వచ్చాయి, కంప్యూటర్‌లో ఇరవయ్యే చూపిస్తోంది. నువ్వే సరిచేసెయ్యవా?" లోపల జనం, బయట లారీలు. తానే కొట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. కొట్టేశాడంటే రేపటి నుంచి అందరి పనీ అతనిదే. "కూర్చో, నువ్వే కొట్టు, నేను పక్కనుంటా" అనగలిగినవాడే ఈ పనికి సరైనవాడు. ఇది జారిపోతోందా అని తెలుసుకోవడం కష్టం కాదు. సరుకు రాబడుల జాబితా MB51లో తీసి, ఏ లాగిన్ పేరు మీద ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు. ముగ్గురు గుమాస్తాలున్న షిఫ్టులో రాబడులన్నీ సూపర్ యూజర్ పేరు మీదే ఉంటే, అతను టైపిస్టుగా మారాడన్న మాట. అన్నీ ఒకే గుమాస్తా పేరు మీద ఉంటే పాస్‌వర్డు పంచుకుంటున్నారని అనుమానించాలి. రెండూ శిక్షణ లోపాలే, క్రమశిక్షణ లోపాలుగా చూసి తిడితే దాచుకుంటారు.

తప్పును వెనక్కి నడిపించడం

ఇప్పుడు మన ఇరవై బస్తాల దగ్గరికి వద్దాం. దీన్ని సరిచేయడం ఎలా? తేలిగ్గా తోచేది, మిగతా 480 కిలోలకు ఇంకో రాబడి కొట్టడం. స్టాకు సరిపోతుంది, ఉత్పత్తి ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఈ కంపెనీలో ఇన్‌వాయిస్‌ను రాబడి రసీదుతో జత చేసే పద్ధతి పెట్టుకున్నారు. 500 కిలోల ఇన్‌వాయిస్ 20 కిలోల రసీదుకు అతుక్కుని ఉంది, కొత్త రసీదుకు ఇన్‌వాయిస్ లేదు. చెల్లింపు ఆగే ఉంటుంది, నెలాఖరుకు రాబడి-ఇన్‌వాయిస్ ఖాతాలో 1,15,200 రూపాయల తేడా అటొకటి ఇటొకటి నిలిచిపోతుంది.

సరైన దారి మొదటి రసీదును రద్దుచేసి మళ్లీ కొట్టడం. గుమాస్తా MIGOలో రద్దు ఎంచుకుంటే సిస్టం ఒప్పుకోదు. ఆ 20 కిలోలను ఉత్పత్తి విభాగం ఇప్పటికే ఇష్యూ చేసేసింది, స్టాకు సున్నా, లేనిదాన్ని వెనక్కి పంపలేం. అది తీరినా, ఇన్‌వాయిస్ ఎక్కిన రసీదును రద్దు చేయనివ్వదు. అంటే తప్పు ఏ వరుసలో ముందుకు నడిచిందో, దాన్ని తిరుగు వరుసలో వెనక్కి నడిపించాలి. అకౌంట్స్ వాళ్లు MR8Mలో ఇన్‌వాయిస్ రద్దు చేయాలి. ఉత్పత్తి వాళ్లు 262 అనే కదలికతో ఇష్యూను వెనక్కి తీసుకోవాలి. అప్పుడు స్టోర్స్ 102తో రాబడిని రద్దుచేసి, 101తో 500 కిలోలు కొట్టాలి. ఆపైన ఉత్పత్తి 261తో నిజంగా వాడిన 300 కిలోలు ఇష్యూ చేయాలి, అకౌంట్స్ MIROలో ఇన్‌వాయిస్ మళ్లీ ఎక్కించాలి. మొదటి తప్పుకు మూడు సెకన్లు పట్టింది, దిద్దడానికి మూడు విభాగాలు ఆరు పనులు చేశాయి.

ఏ ఒక్క పాత్రకూ ఈ ఆరు పనులూ తెలియవు, తెలియనక్కర్లేదు. అందుకే విడివిడి శిక్షణలు అయ్యాక, సిస్టం మొదలయ్యే ముందు, అన్ని విభాగాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి శాండ్‌బాక్స్‌లో ఒక రోజంతా ఫ్యాక్టరీ నడిపిస్తారు. నిజం చలాన్లు, నిజం ఇండెంట్లు. పొద్దున పర్చేజ్ ఆర్డర్, పది గంటలకు లారీ, మధ్యాహ్నం బ్యాచ్, సాయంత్రం ఇన్‌వాయిస్. దాంట్లో ఈ బస్తాల తప్పును కావాలనే పెట్టి, సూపర్ యూజర్లు ముగ్గురూ మాట్లాడుకుని తిరుగు వరుసను తామే కనిపెట్టేలా చేస్తే, ఆ రోజు ఖర్చు ఎన్నో రెట్లు తిరిగొస్తుంది. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే తెలుస్తుంది. ఇందులో తప్పక బయటపడే ఇంకో సంగతి, సూపర్‌వైజర్ నోటుబుక్కు. సరుకు తీసుకెళ్లి తరువాత రాసుకుందాం అనే అలవాటు సిస్టంలో ఉండకూడదని చెబితే చాలదు. కంప్యూటర్ కాదన్నప్పుడు ఆ అరగంటలో మిక్సర్‌ను ఏం చేయాలో, ఎవరిని పిలవాలో కూడా చెప్పాలి. ఆ జవాబు లేకపోతే నోటుబుక్కు ఎక్కడికీ పోదు.

ఈ రోజు ఎప్పుడు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. చేతిపని నెలల ముందు నేర్పితే మరిచిపోతారు. సిస్టం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు నేర్పి, శాండ్‌బాక్స్‌ను ఆ మధ్యకాలమంతా తెరిచి ఉంచడం మంచిది. కానీ ప్రాజెక్టు ఆలస్యమైనప్పుడల్లా ముందు కోసేది ఈ వారాలనే. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 1999లో ఇలాంటి తొందరకే పేరుపడింది. దాదాపు 11.2 కోట్ల డాలర్ల ప్రాజెక్టు, నాలుగేళ్ల పనిని 30 నెలలకు కుదించారు, ఏప్రిల్‌లో అనుకున్న ప్రారంభం జులైకి జరిగింది. సరిగ్గా హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చే కాలం అది. గోదాముల్లో సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు దుకాణాలకు చేర్చలేకపోయారు. శిక్షణ ఒక్కటే దానికి కారణం అనలేం. ఒకేసారి మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు పెట్టారు, పరీక్షలకు సమయం లేదు. అయినా రద్దీ కాలంలో కొత్త తెర మీద తడుముకునే వీలు ఎవరికీ ఉండదన్నది అక్కడ తేలిపోయింది.

శిక్షణకు సాధ్యం కానివి కూడా ఉన్నాయి. బస్తా-కిలో తప్పు గుమాస్తాలందరూ పదే పదే చేస్తుంటే, అది నేర్చుకోవడంలో లోపం కాదు. ఆ వస్తువుకు ఒక బస్తా అంటే 25 కిలోలు అని సిస్టంలో నమోదు చేస్తే గుమాస్తా బస్తాల్లోనే కొట్టవచ్చు, కిలోల్లోకి సిస్టమే మార్చుకుంటుంది. సూపర్ యూజర్ల వారపు సమావేశంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఏది నేర్పితే పోతుంది, ఏది సిస్టంను దిద్దితే పోతుంది? రెండో రకాన్ని పాఠాలతో నెట్టుకొస్తే జనం విసిగిపోతారు.

శిక్షణ పనిచేసిందో లేదో హాజరు పట్టీ చెప్పదు, పాఠం ఎలా ఉందని నింపించుకునే కాగితం అసలే చెప్పదు. సిస్టంలోనే జవాబుంది. 102 రద్దులు వారానికి ఎన్ని, అవి ఏ షిఫ్టులో ఎక్కువ? పరిమాణం తేడాతో ఆగిన ఇన్‌వాయిస్‌లు MRBR తెర మీద ఎన్ని ఉన్నాయి? లారీ గేటు దాటిన వేళకూ రాబడి పోస్టయిన వేళకూ మధ్య ఎన్ని గంటలు? రద్దులు మొదటి వారాల్లో పెరిగితే కంగారు పడనక్కర్లేదు, తప్పును దిద్దడం వచ్చిందని దానర్థం. రద్దులు దాదాపు లేకుండా, నెలాఖరు స్టాకు లెక్కింపులో మాత్రం తేడాలు భారీగా వస్తే భయపడాలి. అంటే తప్పులు జరుగుతున్నాయి, ఎవరూ వెనక్కి తీసుకోవడం లేదు.

మూడు నెలలు గడిచాక కన్సల్టెంట్లు వెళ్లిపోతారు, సర్వర్ ఖర్చని శాండ్‌బాక్స్ కూడా మూసేద్దామంటారు. అప్పుడు స్టోర్స్ ఇన్‌చార్జి ఒక లెక్క వేసి చూపించాలి. ఈ ఏడాది ఎంతమంది రిటైరవుతున్నారు, ఎంతమంది సరుకు ఇచ్చే పని నుంచి అందుకునే పనికి మారుతున్నారు, కాంట్రాక్టు మీద కొత్తగా వచ్చేవాళ్లెందరు? వాళ్లలో ప్రతి ఒక్కరూ కొత్త లాగిన్ తీసుకునే ముందు, అచ్చువేసిన ఆ 20 బస్తాల చలాన్ పట్టుకుని ఒక పూట శాండ్‌బాక్స్‌లో కూర్చోవలసినవాళ్లే. దానికోసం ప్రతి మూడు నెలలకు ఒకసారి ఆర్డర్లు కొత్తగా నింపడం, ప్రతి ఒకటో తారీఖున నెల తెరవడం అనే రెండు పనులు ఎవరి పేరున ఉంటాయో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.